లెక్క సరిపోయినా వరుసలు పోతాయి

2020 సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 వరకు ఇంగ్లండ్‌లో కోవిడ్ పాజిటివ్ వచ్చిన 15,841 కేసులు బ్రిటన్ ప్రభుత్వం ప్రకటించే రోజువారీ లెక్కలోకి ఎక్కలేదు. పరీక్ష చేయించుకున్నవాళ్లకు ఫలితం అందింది. ల్యాబులు తమ పని తాము చేశాయి. కానీ ఆ కేసుల వివరాలు, వాళ్లు ఎవరెవరిని కలిశారో కనుక్కొని హెచ్చరించాల్సిన బృందాల దగ్గరికి సమయానికి చేరలేదు. వారం రోజులపాటు ఈ సంగతి ఎవరి కంటా పడలేదు. బయటపడ్డాక వెనకటి కేసులన్నీ కలిపేసరికి అక్టోబర్ 4 నాటి ప్రకటనలో సంఖ్య ఒక్కసారిగా 22,961కి ఎగబాకింది.

కారణం వింటే నమ్మబుద్ధి కాదు. ల్యాబుల నుంచి మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా వచ్చిన ఫలితాలను పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ అనే సంస్థ ఎక్సెల్ పాత ఫార్మాట్‌లోకి, అంటే `.xls` ఫైళ్లలోకి, ఎక్కించేది. ఆ ఫార్మాట్‌లో ఒక షీటుకు 65,536 వరుసలే పడతాయి. ఒక్కో కేసుకు అనేక వరుసలు అవసరమయ్యేవి కాబట్టి ఒక్కో ఫైలులో సుమారు 1,400 కేసులే పట్టేవని అప్పట్లో బీబీసీ రాసింది. షీటు నిండాక వచ్చిన కేసులు ఫైలులో చేరకుండా మిగిలిపోయాయి. ఫైలు మాత్రం చక్కగా తెరుచుకుంది. పై వరుసలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

డేటా పోవడంలో అసలు ప్రమాదం ఇదే. పాడైన ఫైలు తెరుచుకోదు, అందువల్ల వెంటనే తెలిసిపోతుంది. కొన్ని వరుసలు తగ్గిన ఫైలు మంచి ఫైలులాగే కనిపిస్తుంది. ఉన్నవాటిని ఎంత పరీక్షగా చూసినా లేనివి కనిపించవు. దాన్ని మూలంతో పోల్చి చూడడం ఒక్కటే మార్గం. డేటాబేస్ నుంచి ఫైలులోకి సమాచారం తీసే పనిని ఎక్స్‌పోర్ట్ అంటారు. ఆ పని అయ్యాక మూలానికీ ఫైలుకీ మధ్య మూడు పోలికలు చేయాలి: వరుసల సంఖ్య, కీల పరిధి, చెక్‌సమ్. కీ అంటే ప్రతి వరుసకూ ఉండే, మరో వరుసకు ఉండని గుర్తింపు సంఖ్య. మూడింటిలో ఏ ఒక్కటీ తక్కిన రెండింటి పని చేయలేదు.

మొదట సంఖ్య. మూలంలో ఎన్ని వరుసలు, ఫైలులో ఎన్ని వరుసలు అన్న ప్రశ్న పిల్లలాటలా అనిపిస్తుంది. అయితే లెక్కపెట్టే తీరులోనే తప్పు దొర్లుతుంది. లినక్స్ వాడేవాళ్లు `wc -l` అని కొట్టి వచ్చిన సంఖ్యను వరుసల సంఖ్య అనుకుంటారు. ఆ కమాండ్ లెక్కపెట్టేది వరుసలను కాదు, వరుస మార్పు గుర్తులను. చిరునామా గడిలో ఎవరైనా ఎంటర్ నొక్కి రెండు లైన్లుగా రాస్తే ఒక రికార్డు రెండుగా లెక్కకొస్తుంది. ఫైలు పైన ఉండే శీర్షికల లైను ఒకటి ఎక్కువ చూపిస్తుంది. చివరి లైను తర్వాత వరుస మార్పు గుర్తు లేకపోతే ఒకటి తక్కువ చూపిస్తుంది. ఈ రెండూ ఒకే ఫైలులో ఉంటే ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి. కాబట్టి ఫైలును దాని ఫార్మాట్ తెలిసిన ప్రోగ్రాంతో చదివించి లెక్కపెట్టాలి. ఒక ఖాళీ పట్టికలోకి ఎక్కించి అక్కడ లెక్కపెట్టడం ఇంకా మంచిది.

రెండో చిక్కు సమయానిది. ఎక్స్‌పోర్ట్ పది గంటలకు మొదలైంది, మూలంలో వరుసల సంఖ్య పదిన్నరకు చూశారు. ఈ అరగంటలో కొత్త వరుసలు చేరి ఉంటాయి, కొన్ని తొలగించి ఉంటారు. అప్పుడు రెండు సంఖ్యల మధ్య తేడా వస్తే నష్టమో కాదో చెప్పలేం. ఇక్కడే చాలామంది “పని నడుస్తున్న డేటాబేస్ కదా, ఆ మాత్రం తేడా ఉంటుంది” అని సర్దుకుపోతారు. నిజంగా పోయిన వరుసలు ఆ సర్దుబాటులో కలిసిపోతాయి. పోస్ట్‌గ్రెస్‌లో దీనికి తేలికైన ఉపాయం ఉంది.

```sql
BEGIN ISOLATION LEVEL REPEATABLE READ READ ONLY;
```

ఇలా మొదలుపెట్టిన లావాదేవీ ముగిసేదాకా ఆ కనెక్షన్‌కు డేటాబేస్ ఒకే క్షణంలో ఆగిపోయినట్టు కనిపిస్తుంది. లెక్క, ఎక్స్‌పోర్ట్ రెండూ అందులోనే చేస్తే ఒక్క వరుస తేడా వచ్చినా కారణం కనుక్కోవాల్సిందే. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ పట్టికలను `mysqldump`తో తీసేటప్పుడు `--single-transaction` ఇదే పని చేస్తుంది.

సంఖ్యలో ఇంకొక సూచన కూడా దాగి ఉంటుంది. ఫైలులో వరుసలు సరిగ్గా 65,536 ఉన్నా, కొత్త ఎక్సెల్ ఫార్మాట్ పరిమితి అయిన 10,48,576 ఉన్నా, 10,000 లేదా 50,000 లాంటి గుండు అంకె ఉన్నా, మూలాన్ని చూడకముందే అనుమానించాలి. శీర్షికల లైను తీసేస్తే ఒకటి తక్కువగా, 65,535 అనో 10,48,575 అనో కనిపించవచ్చు. నిజజీవితపు డేటా అంత ముచ్చటైన అంకె దగ్గర ఆగడం అరుదు. ఎక్కడో ఒక పరిమితి తగిలి ఉంటుంది.

ఇక సంఖ్య సరిపోయినా వరుసలు పోయే సందర్భానికి వద్దాం. ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒక పెద్ద ల్యాబులో `results` అనే పట్టిక ఉంది. అందులో 1,84,320 వరుసలు. వాటి కీ `id`. అన్నిటికన్నా చిన్న కీ 1, పెద్దది 1,91,007. ఈ పట్టికను ఒక ప్రోగ్రాం పది వేల చొప్పున ముక్కలుగా తీసి ఫైలులో రాస్తుంది. నమూనా తీసుకున్న తేదీ ప్రకారం వరుసలను అమర్చి, మొదటి పది వేలు, ఆ తర్వాత పది వేలు దాటేసి తర్వాతి పది వేలు, అలా పందొమ్మిది విడతలు. పని పూర్తయింది. ఫైలులో వరుసలు 1,84,320. చిన్న కీ 1. పెద్ద కీ 1,91,007. అంతా సరిపోయింది. చాలాచోట్ల పరిశీలన ఇక్కడితో ఆగిపోతుంది.

ఇప్పుడు ఫైలులో వేరువేరు కీలు ఎన్ని అని అడిగితే 1,84,317 అని వచ్చింది. మూడు తక్కువ. కొన్ని వరుసలు రెండోసారి రావడంతో మూడు అదనపు ప్రతులు చేరాయి, మూడు వరుసలు అసలు రాలేదు. ఎక్కువా తక్కువా సమానం కావడంతో మొత్తం సంఖ్య మారలేదు.

ఇది ఎలా జరుగుతుందో అర్థం చేసుకుంటే ఇంకెప్పుడూ మొత్తం సంఖ్యను ఒంటరిగా నమ్మబుద్ధి కాదు. ఒకే తేదీన వందల నమూనాలు వస్తాయి. తేదీ ప్రకారం అమర్చమంటే, ఒకే తేదీ ఉన్నవాటిలో ఏది ముందు, ఏది వెనక అన్నది డేటాబేస్ ఇష్టం. ఒక్కో విడతా కొత్త ప్రశ్నే కాబట్టి ఆ అమరిక ప్రతిసారీ ఒకేలా ఉండాలన్న నియమం లేదు. నాలుగో విడత తీసినప్పుడు 40,000వ స్థానంలో ఒక వరుస, 40,001వ స్థానంలో మరో వరుస ఉన్నాయనుకోండి. నాలుగో విడత మొదటిదానితో ముగిసింది. ఐదో విడత అడిగేసరికి ఆ రెండూ స్థానాలు మార్చుకున్నాయి. ఇప్పుడు 40,001వ స్థానంలో ఉన్నది ఇంతకుముందు తీసుకున్న వరుసే. అది రెండోసారి ఫైలులోకి ఎక్కింది. దాని జోడీ 40,000వ స్థానానికి, అంటే ఇప్పటికే దాటేసిన చోటికి, జరిగిపోయింది. దాన్ని ఇక ఏ విడతా అడగదు. ఏ ప్రోగ్రామూ తప్పు చేయలేదు, ఎక్కడా ఎర్రర్ రాలేదు, ఒక రోగి ఫలితం మాత్రం ఫైలులో లేదు.

పోయినవి మూడు అని తెలిసింది. ఏవి? ఇక్కడ కీల పరిధి పనికొస్తుంది. కాగితం టికెట్ల రోజుల్లో బస్సు కండక్టరు ఒక్కో స్టేజీ దగ్గర ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా టికెట్లు పోయాయో రాసుకునేవాడు. రోజంతటికీ కలిపి ఒకే లెక్క ఉంటే తేడా ఎక్కడ వచ్చిందో తెలియదు, స్టేజీ వారీగా ఉంటే వెతకాల్సిన చోటు తెలుస్తుంది. కీలనూ అలాగే పది వేల చొప్పున ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ విడిగా లెక్క తీయాలి. మన పట్టికకు ఇరవై ముక్కలు వస్తాయి. మూలానికి ఇరవై లైన్లు, ఫైలుకు ఇరవై లైన్లు పక్కపక్కన పెట్టి చూడాలి.

చూస్తే 70,000 నుంచి 79,999 వరకున్న ముక్కలో మూలానికి 9,655 వరుసలు, ఫైలుకు 9,656. దాని పక్కనే 80,000 నుంచి 89,999 వరకు మూలానికి 9,640, ఫైలుకు 9,639. రెండుసార్లు వచ్చిన వరుస ఒక ముక్కలో, రాని వరుస పక్క ముక్కలో పడ్డాయన్నమాట. మరో రెండు ముక్కల్లో వరుసల సంఖ్య సమానంగా ఉంది, కానీ వేరువేరు కీలు ఒక్కోటి తగ్గాయి. అక్కడ ఎక్కువా తక్కువా ఒకే ముక్కలో జరిగాయి. తేడా ఉన్న ఈ నాలుగు ముక్కలను మాత్రం మళ్లీ వంద చొప్పున విడగొడితే వెతికే చోటు కుంచించుకుపోతుంది. రెండు పట్టికలూ ఒకేచోట ఉంటే చివరి అడుగు ఇంకా తేలిక.

```sql
SELECT id FROM results
EXCEPT
SELECT id FROM file_in;
```

మూలంలో ఉండి ఫైలులో లేని కీలను ఇది నేరుగా చూపిస్తుంది. మరి మొదటే ఇది ఎందుకు చేయకూడదు? చేయవచ్చు, పట్టిక చిన్నదైతే అదే మేలు. మూలం ఒక ఊళ్లో, ఫైలు మరో ఊళ్లో ఉండి, వరుసలు పది కోట్లుంటే కీలన్నీ అటూ ఇటూ పంపడం బరువు. ముక్కల లెక్కలైతే కొన్ని లైన్లే పంపాలి.

కీల పరిధితో ఒక అపార్థం కూడా వస్తుంది. మన పట్టికలో పెద్ద కీ 1,91,007 అయితే వరుసలు 1,84,320 ఏమిటి, దాదాపు ఏడు వేలు పోయాయా అని కంగారుపడేవాళ్లున్నారు. పోస్ట్‌గ్రెస్‌లో ఒక వరుస చేర్చబోయి ఏదో కారణంగా వెనక్కి తీసుకుంటే, దానికి కేటాయించిన సంఖ్య మళ్లీ వాడుకలోకి రాదు. తొలగించిన వరుసల సంఖ్యలూ అంతే. మధ్యలో ఖాళీలు ఉండడం మామూలు సంగతి. మూలంలో లేని ఖాళీ ఫైలులో ఉంటేనే అది నష్టం. అలాగే, చిన్న కీ, పెద్ద కీ మాత్రమే చూడడం వల్ల తెలిసేది ఒక్కటే: మొదలు, చివర తెగలేదని. వరుసలు కీల క్రమంలో వచ్చే ఫైలు షీటు నిండి ఆగిపోతే పోయేది తోకే, అక్కడ పెద్ద కీ వెంటనే పట్టిస్తుంది. నడుమ పోయినవాటిని అది పట్టుకోలేదు.

మూడోది చెక్‌సమ్. ఆధార్ నంబరులో చివరి అంకెను ముందున్న పదకొండు అంకెల నుంచి ఒక సూత్రంతో లెక్కగడతారు. మధ్యలో ఒక అంకె తప్పు కొడితే చివరి అంకె పొసగదు, కంప్యూటర్ పట్టేస్తుంది. చెక్‌సమ్ అంటే అలా సమాచారం నుంచే పుట్టి, దాని మీద కాపలా ఉండే సంఖ్య. డేటాబేస్‌లో ఒక వరుసలోని గడులన్నీ కలిపి ఒక పొడుగాటి మాటగా చేసి, దానికి `md5` లాంటి సూత్రం వర్తింపజేస్తే 32 అక్షరాల సంకేతం వస్తుంది. వరుసలో ఒక్క అక్షరం మారినా సంకేతం మొత్తం మారిపోతుంది. అందులోంచి కొంత భాగాన్ని సంఖ్యగా మార్చి, ముక్కలోని వరుసలన్నిటికీ కూడితే ఆ ముక్కకు ఒకే సంఖ్య వస్తుంది. కూడిక కాబట్టి వరుసలు ఏ క్రమంలో ఉన్నా ఫలితం ఒకటే. ఫైలులో వరుసల క్రమం మూలానికి భిన్నంగా ఉండడం సహజం, అందుకే మొత్తం ఫైలుకు ఒకేసారి `md5` తీసి పోల్చడం ఇక్కడ ఉపయోగపడదు. ఆ పద్ధతి ఒకే ఫైలు ఒకచోటి నుంచి మరోచోటికి చెడకుండా చేరిందా అని చూడడానికే.

```sql
SELECT id / 10000 AS bucket,
       count(*), count(DISTINCT id),
       sum(('x' || left(md5(
         concat_ws('|', id, sample_no,
           coalesce(result, '~'),
           coalesce(remarks, '~'))
       ), 8))::bit(32)::bigint)
FROM results
GROUP BY 1 ORDER BY 1;
```

ఇదే ప్రశ్నను ఫైలు ఎక్కించిన పట్టిక మీద కూడా నడపాలి. మన ఉదాహరణలో నాలుగు ముక్కల తేడా ఇంతకుముందే తెలుసు. ఇప్పుడు ఐదో ముక్క ఒకటి బయటపడింది. అందులో వరుసలు సమానం, వేరువేరు కీలు సమానం, మొత్తం మాత్రం వేరు. వెతికితే ఒక వరుసలో డాక్టర్ రాసిన రిమార్కులు 255 అక్షరాల దగ్గర తెగిపోయాయి. వరుస ఉంది, సగం సమాచారం లేదు. సంఖ్యలకూ కీలకూ చిక్కని నష్టం ఇది.

పై ప్రశ్నలో `coalesce` అన్న మాట ఊరికే రాలేదు. `concat_ws` ఖాళీ గడులను, అంటే `NULL` ఉన్నవాటిని, దాటేసి పోతుంది. అప్పుడు ఫలితం ఖాళీగా ఉండి రిమార్కుల్లో “నెగెటివ్” ఉన్న వరుస, ఫలితంలో “నెగెటివ్” ఉండి రిమార్కులు ఖాళీగా ఉన్న వరుస ఒకేలా తయారవుతాయి. ఒక గడిలోది పక్క గడిలోకి జరిగినా చెక్‌సమ్ కిమ్మనదు.

దీనికి తిరగేసిన చిక్కూ ఉంది. ఏమీ పోకపోయినా చెక్‌సమ్ గోల పెడుతుంది. మూలంలో 7.50 ఉంటే ఫైలులో 7.5 అని రావచ్చు. తేదీ సమయమండలం మారి ఐదున్నర గంటలు జరగవచ్చు. తెలుగు సమాచారంలో దీనికి మనదైన కారణం ఒకటుంది. “హైదరాబాద్”లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు: `U+0C48` అనే ఒకే గుర్తుగా, లేదా `U+0C46`, `U+0C56` అనే రెండు గుర్తుల జంటగా. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, `md5`కి అవి రెండు వేరువేరు మాటలు. అలాగే “ఎక్స్‌పోర్ట్” లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని `U+200C` ఉంటుంది. డేటాను శుభ్రం చేసే కొన్ని ప్రోగ్రాములు దాన్ని చెత్త అనుకొని తీసేస్తాయి. ఐత్వం సంగతికి పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ఉన్న `normalize` ఫంక్షన్‌తో రెండు వైపులా ఒకే రూపంలోకి తెచ్చి పోల్చాలి. కనిపించని గుర్తు పోతే మాత్రం అది నిజమైన మార్పే, మాట రూపమే మారిపోతుంది. చెక్‌సమ్ తేడా చూపినప్పుడల్లా “రూపం తేడాలే” అని కొట్టిపారేయడం మొదలైతే ఇక ఆ పరీక్ష ఉన్నా లేనట్టే. తేడా ఎందుకొచ్చిందో ఒక్కో వరుస తీసి చూసి, రూపం తేడా అని తేలితే దాన్ని సరిచేసి, మళ్లీ నడపాలి. చివరికి తేడా సున్నా కావాలి.

ఈ మూడూ చేసినా ఒక నష్టం తప్పించుకుంటుంది, నాకు ఎక్కువ భయం దాని గురించే. ఎక్స్‌పోర్ట్ చేసే ప్రశ్న చాలాసార్లు రెండు పట్టికలను కలుపుతుంది. ఫలితాల పట్టికలోని జిల్లా కోడ్‌ను జిల్లాల పట్టికతో కలిపి పేరు తెచ్చుకుంటుంది. కోడ్ నింపని వరుసలు, లేదా పట్టికలో లేని కోడ్ ఉన్న వరుసలు `INNER JOIN`లో నిశ్శబ్దంగా రాలిపోతాయి. ఇప్పుడు పరిశీలించేవారు ఆ ప్రశ్ననే తీసుకొని, దాని ముందు `count(*)` తగిలించి “మూలం లెక్క” అంటే ఫైలుతో అచ్చంగా సరిపోతుంది. చెక్‌సమ్ కూడా సరిపోతుంది. రెండు వైపులా ఒకే జల్లెడ పట్టారు కాబట్టి రెండు వైపులా అవే వరుసలు రాలాయి. మూలం లెక్కను మూల పట్టిక మీదే, ఏ కలపడమూ లేకుండా తీయాలి. ఏవైనా వరుసలను కావాలనే వదిలేస్తే అవి ఎన్నో విడిగా లెక్కపెట్టాలి. ఫైలులోనివి, కావాలని వదిలినవి కలిపితే మూలం మొత్తం రావాలి.

మన ఉదాహరణలో ఎక్స్‌పోర్ట్‌ను సరిచేయడం పెద్ద పని కాదు. తేదీ ప్రకారం కాకుండా కీ ప్రకారం అమర్చి, ఇన్ని వరుసలు దాటేయమని కాకుండా, చివరిసారి తీసుకున్న కీ కంటే పెద్దవి ఇమ్మని అడగాలి.

```sql
SELECT * FROM results
WHERE id > 41527
ORDER BY id LIMIT 10000;
```

కీ ఒక్కో వరుసకు ఒక్కటే కాబట్టి ఇక్కడ స్థానాలు తారుమారు కావడానికి ఆస్కారం లేదు. విడతలన్నీ ఇంతకుముందు చెప్పిన ఒకే లావాదేవీలో నడిస్తే మధ్యలో చేరే, తొలగే వరుసల బెడదా ఉండదు.

మీరు పనిచేసే చోట ఎవరికైనా డేటా ఫైలు పంపుతుంటే దానితోపాటు ఒక చిన్న టెక్స్ట్ ఫైలు కూడా పంపండి. మూల పట్టికలో ఎన్ని వరుసలు, వేరువేరు కీలు ఎన్ని, చిన్న కీ, పెద్ద కీ, ముక్కల వారీ చెక్‌సమ్‌లు, ఏ క్షణాన తీసినవి, కావాలని వదిలినవి ఎన్ని, ఎందుకు అన్నవి అందులో రాయండి. ఫైలు అందుకునేవారైతే ఆ కాగితం లేకుండా ఫైలు తీసుకోకండి. అందుకున్నాక పంపినవారి లెక్కను చూసి తృప్తిపడకుండా మీ వైపు లెక్క మీరే తీసి పోల్చండి. ఒక్క వరుస తేడా వచ్చినా ఆ వరుస ఏదో, ఎవరిదో తేలేదాకా ఆ ఫైలును వాడకండి.